అంశాన్ని కుదిస్తే ప్రశ్న అయిపోదు

పరిశోధన ప్రతిపాదనలు చదివి సలహా చెప్పడం నా పనిలో భాగం. చదివినవాటిలో చాలావాటికి ఒకటే లోపం కనిపిస్తుంది. విద్యార్థి మొదట ఓ పెద్ద అంశంతో వస్తారు. డిజిటల్ పఠనం, వలస, నీటి కాలుష్యం, అలాంటిదేదో. "మరీ పెద్దది, కాస్త కుదించుకో" అంటారు గైడ్. విద్యార్థి ఇంటికి వెళ్లి దానికి ఓ వయసు తగిలిస్తారు, ఓ ప్రాంతం తగిలిస్తారు, రెండేళ్ల కాలం తగిలిస్తారు, చివర "ఒక అధ్యయనం" అని చేరుస్తారు. శీర్షిక మూడు వరుసలు అవుతుంది. గైడ్ తల ఊపుతారు. కమిటీ కూడా ఊపుతుంది.

అప్పటికి అంశం చిన్నదయిన మాట నిజమే. కానీ అందులో ప్రశ్న ఇంకా పుట్టలేదు. "ఫలానా చోట తొమ్మిదో తరగతి విద్యార్థుల మీద డిజిటల్ పఠన ప్రభావం" అన్నదాన్ని తిప్పి తిప్పి చదవండి. ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అందులో ఎక్కడా లేదు. ఎవరి గురించో ఉంది, ఎక్కడో ఉంది, ఎప్పుడో ఉంది. దేనితో పోల్చి చూస్తారో, ఏది కొలుస్తారో, ఏం తేలితే ఏమనుకోవాలో లేదు. అలాంటి శీర్షికతో బయల్దేరిన మనిషి చివరికి ఓ ప్రశ్నావళి తయారుచేసి, "అవును, కాదు, కొంతవరకు" అని గళ్లు గీసి, శాతాలు లెక్కగట్టి, "కొంత ప్రభావం ఉంది" అని తేలుస్తారు. ఆ మాట మొదటిరోజే చెప్పేయవచ్చు, ఎవరూ కాదనరు.

నేను గట్టిగా నమ్మేది ఇది: కుదించడం అంటే హద్దులు గీయడం కాదు, పోలికను వెతకడం. రెండు వివరణలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నప్పుడు, ఏ చోట నిలబడి చూస్తే ఆ రెండూ వేరువేరు ఫలితాలు చెబుతాయో ఆ చోటును పట్టుకోవాలి. వయసు, ఊరు, కాలం అన్నీ ఆ చోటును బట్టి వాటంతట అవే వస్తాయి. ముందుగా అవి పెట్టుకుంటే మాత్రం ఆ చోటు వాటి హద్దులకు బయటే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

దీన్ని ఒక పాత ఉదాహరణతో చూపించడం నాకిష్టం. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసిన పని అది. చాలామందికి ఆయన పేరు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు కథతో గుర్తుంటుంది. పంపు పిడి తీయించారు, కలరా తగ్గింది అని. నా దృష్టిలో ఆ ఏడాది ఆయన చేసిన గొప్ప పని పంపు దగ్గర జరిగింది కాదు, థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న వీధుల్లో జరిగింది.

అప్పటి పెద్ద అంశం "కలరా ఎలా వ్యాపిస్తుంది?" అన్నది. చెడు గాలి వల్ల అని ఎక్కువమంది నమ్మకం. కలుషితమైన నీటి ద్వారా కూడా అని స్నో 1849లోనే ఓ చిన్న పుస్తకంలో వాదించారు. వాదన బాగానే ఉంది గానీ తేల్చేదేమీ అందులో లేదు. మురికి నీరు తాగే పేటల్లో చావులు ఎక్కువ అని ఆయన చూపిస్తే, ఆ పేటల్లోనే మురికి గాలి కూడా ఉంది కదా, పేదరికం కూడా ఉంది కదా, ఇరుకు కూడా ఉంది కదా అని అవతలివాళ్లు అనగలరు. అన్నారు కూడా.

ఇదే అంశం మీద ఇంకో మనిషి కూడా పనిచేశారు. విలియం ఫార్, ఇంగ్లండ్ జననమరణాల నమోదు కార్యాలయంలో గణాంకాలు చూసే ఆయన. తన కాలంలో అంతటి శ్రద్ధగల గణాంకవేత్తలు కొద్దిమందే. 1848-49 కలరా మీద 1852లో వెలువడిన నివేదికలో ఆయన లండన్ జిల్లాలను రకరకాల పరిస్థితులతో జోడించి చూశారు. నేల ఎత్తు తగ్గే కొద్దీ కలరా చావులు పెరుగుతున్నాయని ఆయనకు చక్కటి క్రమం దొరికింది. నది ఒడ్డున, పల్లంలో ఉన్న జిల్లాల్లో చావులు ఎక్కువ. పల్లంలో చెడు గాలి నిలిచిపోతుంది అన్న నమ్మకానికి అది సరిగ్గా సరిపోయింది. ఆ లెక్కల్లో దోషం లేదు. ఆయన అడిగింది "కలరాతో పాటు ఇంకేమేం కనిపిస్తున్నాయి?" అని. అలా అడిగితే కలరాతో పాటు కనిపించేవి చాలానే దొరుకుతాయి, వాటిలో అన్నిటికన్నా నునుపైన గీత గీసేది కారణంలా కనబడుతుంది. పల్లపు జిల్లాలు చాలావరకు నది దిగువ నీటినే తాగుతున్నాయి. ఎత్తు, నీరు అక్కడ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసే వీలు ఆ ప్రశ్నలోనే లేదు.

స్నోకు విడదీసే చోటు దక్షిణ లండన్‌లో దొరికింది. అక్కడ రెండు నీటి కంపెనీలు ఒకే వీధుల్లో పోటీగా గొట్టాలు వేశాయి. ఒకటి సదర్క్ అండ్ వాక్స్‌హాల్, ఇంకొకటి లాంబెత్. పక్కపక్క ఇళ్లలో ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు, ఇంకో ఇంటికి ఇంకో కంపెనీ నీరు. 1849లో రెండూ నగరం మురుగు కలిసే చోటే థేమ్స్ నీటిని తోడేవి. 1852లో లాంబెత్ కంపెనీ తోడే చోటును నది పైకి, మురుగు చేరని థేమ్స్ డిటన్‌కు మార్చుకుంది. రెండోది బాటర్సీ దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకు కలరా వచ్చింది.

అప్పుడు "కలరా ఎలా వ్యాపిస్తుంది?" అన్నది ఇలా మారింది: రెండు కంపెనీల గొట్టాలూ పక్కపక్కనే ఉన్న ఈ ప్రాంతంలో, 1854 కలరాలో, ఒక కంపెనీ నీరు తాగిన ఇళ్లలో పదివేల ఇళ్లకు ఎన్ని చావులు, రెండో కంపెనీ నీరు తాగిన ఇళ్లలో ఎన్ని?

ఇందులో చోటు ఉంది, కాలం ఉంది. వాటిని ఆయన విషయం చిన్నదవ్వాలని తగిలించుకోలేదు, పోలిక అక్కడే ఉంది కాబట్టి వచ్చాయి. ఆ వీధుల్లో పీల్చే గాలి ఒకటే. ధనికులూ పేదలూ, పెద్ద ఇళ్లూ చిన్న ఇళ్లూ రెండు కంపెనీలకూ ఉన్నాయి. మూడు లక్షల మంది తమకు తెలియకుండానే రెండు గుంపులుగా విడిపోయి ఉన్నారని ఆయనే రాశారు. చెడు గాలి వాదం నిజమైతే రెండు గుంపుల్లో చావులు దాదాపు సమానంగా ఉండాలి. నీటి వాదం నిజమైతే బాగా తేడా ఉండాలి. రెండు వాదాలూ వేరువేరు ఫలితాలు చెప్పక తప్పని చోటు అది.

తర్వాత ఆయనకు ఎదురైన ఇబ్బందిని మన విద్యార్థులు చదవాలని నా కోరిక. ప్రశ్న దొరికినంత మాత్రాన జవాబు దొరకదు. చనిపోయినవాళ్ల చిరునామాలు ఫార్ కార్యాలయం నుంచి వచ్చాయి. ఆ ఇంటికి ఏ కంపెనీ నీరు వస్తోందో కనుక్కోవడానికి స్నో ఇంటింటికీ తిరిగారు. చాలామందికి తెలియదు, ఎందుకంటే నీటి పన్ను కట్టేది ఇంటి యజమాని, అద్దెకున్నవాళ్లు కాదు. అలాంటిచోట ఆయన ఆ ఇంటి నీటిని సీసాలో పట్టుకుని సిల్వర్ నైట్రేట్ కలిపి చూశారు. బాటర్సీ దగ్గర తోడిన నీటిలో ఉప్పు గాలన్‌కు 37.9 గ్రెయిన్లు, పైన తోడిన నీటిలో 0.95 మాత్రమే. ఒకదాంట్లో చిక్కగా తెల్లటి మడ్డి కడుతుంది, ఇంకోదాంట్లో కొద్దిగా మసక వస్తుంది. "కంపెనీ" అనే మాట ఆయన చేతిలో కంటికి కనిపించే తేడాగా మారింది. ప్రశ్నలో ఉన్న ప్రతి నామవాచకానికీ ఇలాంటి పరీక్ష ఒకటి ఉండాలని నేను అడుగుతాను. లేకపోతే ఆ మాట ప్రశ్నలో ఉండకూడదు.

కలరా మొదలైన తొలి ఏడు వారాల లెక్క ఇది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ నీరు వచ్చే 40,046 ఇళ్లలో 1,263 చావులు. లాంబెత్ నీరు వచ్చే 26,107 ఇళ్లలో 98. పదివేల ఇళ్లకు లెక్కిస్తే 315, 37. ఎనిమిది రెట్లకు పైనే తేడా.

ఈ పట్టికలో ఓ లోటు కూడా ఉంది. ఇళ్ల సంఖ్య ఆయనకు కంపెనీ మొత్తానికి దొరికింది, గొట్టాలు కలిసి ఉన్న వీధులకు విడిగా దొరకలేదు. అంటే పక్కపక్క ఇళ్లను పోల్చాలని ప్రశ్న, పట్టికలో పోల్చింది రెండు కంపెనీల మొత్తం ప్రాంతాలను. పైనున్న చావులు సరిగానే ఉన్నాయి, కింద భాగహారంలో ఉన్న ఇళ్లు ప్రశ్న అడిగిన ఇళ్లు కావు. ఎనిమిది రెట్ల తేడా కాబట్టి తట్టుకుంది. తేడా ఒకటిన్నర రెట్లయితే ఆ లోటు దగ్గరే వాదన కూలిపోయేది. 1856లో ఆయన ఈ లెక్కను ఉపజిల్లాల వారీగా మళ్లీ చేశారు. "ఎంతమందిలో?" అన్న సంఖ్య దొరకని ప్రశ్నలు నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. ఆసుపత్రికి వచ్చినవాళ్లలో ఇంతమందికి ఫలానా అలవాటు ఉంది అంటారు. రానివాళ్లలో ఎంతమందికి ఉందో ఎక్కడా ఉండదు. అది తెలియనంత వరకు మొదటి సంఖ్య ఏమీ చెప్పదు.

ఇంతకీ ఒక ప్రశ్న బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి? వైద్య పరిశోధన పాఠాల్లో ఫైనర్ అనే కొలబద్ద ఒకటి ఉంది. 1988లో హల్లీ, కమింగ్స్ తదితరులు వేసిన పాఠ్యపుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. చేయగలిగినదా, ఆసక్తి కలిగించేదా, కొత్తదా, నైతికమా, ఎవరికైనా అక్కరకొచ్చేదా అని అయిదు మాటలు. చెడ్డ కొలబద్ద కాదు. అయితే అయిదింటినీ ఒకే బరువుతో చూస్తే, అందరూ "కొత్తదా" దగ్గర ఆగిపోతారు. ఈ జిల్లాలో ఎవరూ చేయలేదు, ఈ వయసువాళ్ల మీద ఎవరూ చేయలేదు అని రాస్తారు. ఎవరూ చేయలేదన్నది ఆ పని చేయడానికి కారణం కాదు. ఆ జిల్లాలో ఫలితం వేరుగా రావడానికి ఏదైనా కారణం ఉందా? ఉంటే ఆ కారణమే ప్రశ్నలో ఉండాలి, జిల్లా పేరు కాదు.

నేను మాత్రం మొదట ఒకటే అడుగుతాను. డేటా చూడకముందే, ఏ ఫలితం వస్తే "నేననుకున్నది తప్పు" అంటావో రాసివ్వగలవా? దీనికి జవాబు వస్తే తక్కినవన్నీ మెల్లగా సర్దుకుంటాయి. రాకపోతే ఎంత కుదించినా లాభం లేదు. స్నో దగ్గర ఈ జవాబు ఉంది. రెండు కంపెనీల ఇళ్లలో చావులు సమానంగా వచ్చి ఉంటే ఆయన వాదం ఆ వీధుల్లోనే ఆగిపోయేది.

రెండోది, అవుననే జవాబు వచ్చినా కాదనే జవాబు వచ్చినా ఎవరో ఒకరు తమ అభిప్రాయమో పనో మార్చుకుంటారా అన్నది. ఒకవైపు జవాబు వస్తేనే విలువ, ఇంకోవైపు వస్తే బీరువాలో పెట్టాల్సిందే అనిపిస్తే, ఆ ప్రశ్న తప్పు చోట నిలబడిందని అర్థం. అలాంటి ప్రశ్నతో మొదలుపెట్టిన మనిషి తెలియకుండానే కావలసిన జవాబు వైపు లెక్కల్ని జరుపుతారు. మూడోది స్తోమత. నీ దగ్గరున్న మనుషులతో, సమయంతో ఆ తేడా నిజంగా కనిపిస్తుందా? ఈ మూడోదాన్ని చాలామంది అనుమతి పత్రాలు, ప్రయాణ ఖర్చుల సంగతిగానే చూస్తారు. అసలు చిక్కు లెక్కలో ఉంది. అది ఓ ఉదాహరణతో చెబితేనే తెలుస్తుంది.

ఓ విద్యార్థిని "డిజిటల్ పఠన ప్రభావం" అంశంతో వచ్చింది. టీచరుగా పనిచేస్తూ పరిశోధన చేస్తున్న అమ్మాయి. మొదట చెప్పినట్టు శీర్షికలో వయసు, చోటు, కాలం అన్నీ ఉన్నాయి. ప్రశ్నావళి కూడా సిద్ధం చేసుకుంది. "తెర మీద చదివితే ఏకాగ్రత తగ్గుతుందని మీరు భావిస్తున్నారా?" అన్నది అందులో మొదటిది. దానివల్ల పిల్లల అభిప్రాయం తెలుస్తుంది, తెర మీద చదివితే ఏమవుతుందో తెలియదు.

కాగితాలు పక్కనపెట్టి, "అసలు నీకు ఈ అంశం ఎందుకు పట్టింది?" అని అడిగాను.

"క్లాసులో చూస్తున్నాను సార్. ఫోన్‌లో పాఠం చదవమంటే గబగబా చదివేసి అర్థమైంది మేడం అంటారు. నిజంగానే అర్థమైందనుకుంటారు సార్, అబద్ధం చెప్పరు. ప్రశ్న అడిగితే నీళ్లు నములుతారు."

శీర్షికలో ఎక్కడా లేని విషయం ఇది. ఆమెను పట్టుకున్నది పిల్లలకు అర్థం కాకపోవడం కాదు, అర్థం కాలేదని వాళ్లకు తెలియకపోవడం. అక్కడితో కొలవాల్సింది మారిపోయింది. పిల్లవాడు తనకు ఎన్ని మార్కులు వస్తాయనుకుంటాడు, నిజంగా ఎన్ని వస్తాయి, ఆ రెంటి మధ్య ఎంత ఎడం? సమస్యను కుదించడానికి ఎప్పుడూ మొదటి మెట్టు ఇదేనని నా అనుభవం. మనల్ని ఆశ్చర్యపరిచిన ఒక నిర్దిష్టమైన సంగతిని పట్టుకోవాలి. అది సాధారణంగా శీర్షికలో ఉండదు, మాటల్లో ఉంటుంది.

రెండో మెట్టు, ఇప్పటికే తెలిసినదేమిటో చూడటం. ఈ అంశం మీద 2018లో వచ్చిన ఒక సమీక్ష 54 అధ్యయనాలను, లక్షా డెబ్భైవేలకు పైగా పాఠకులను కలిపి లెక్క కట్టింది. కాగితం మీద చదివినవాళ్లకు కొద్దిగా మెరుగ్గా అర్థమవుతుందని తేలింది. మార్కుల్లో మామూలుగా ఉండే చెదురు, అంటే ప్రామాణిక విచలనం, ఎంత ఉంటుందో అందులో సుమారు అయిదో వంతు తేడా. కథలు చదివినప్పుడు ఆ తేడా లేదు, సమాచార పాఠాలకే ఉంది. ఇంకో సంగతి, సమయం బిగించి చదివించినప్పుడు తేడా పెరిగింది.

ఇది చదివి ఆమె కాస్త నీరుగారింది. "అంటే ఇక ఏమీ మిగల్లేదా సార్?" అంది.

2011లో విశ్వవిద్యాలయ విద్యార్థులతో చేసిన ప్రయోగాలు చదవమన్నాను. అందులో అందరికీ ఒకే నిర్ణీత సమయం ఇస్తే తెరకూ కాగితానికీ మార్కుల్లో తేడా రాలేదు. ఎంతసేపు చదవాలో వాళ్లకే వదిలేస్తే తెర మీద చదివినవాళ్లు వెనకబడ్డారు, పైగా తమకు బాగా వచ్చనుకున్నారు. అంటే సమయం ఎవరి చేతిలో ఉంటే తేడా పెరుగుతుందన్న దానిలో సమీక్ష ఒకవైపు చెబుతోంది, ఈ ప్రయోగాలు రెండోవైపు చెబుతున్నాయి. నమ్మదగిన రెండు పనులు ఒకే చోట ఎదురెదురుగా నిలబడి ఉంటే పరిశోధకులకు అంతకంటే ఏం కావాలి! ప్రశ్న కొత్తదా అన్న సందేహం అక్కడే తీరిపోయింది. ఎవరూ చేయకపోవడం వల్ల కాదు, చేసినవాళ్ల మాటలు కలవకపోవడం వల్ల.

ఆమె రాసుకొచ్చిన ప్రశ్న ఇది: తొమ్మిదో తరగతి పిల్లలు ఒక సమాచార పాఠాన్ని తమకు కావలసినంతసేపు చదివినప్పుడు, తమకు వస్తాయనుకున్న మార్కులకూ వచ్చిన మార్కులకూ మధ్య ఎడం కాగితం మీదకంటే తెర మీద ఎక్కువగా ఉంటుందా? నిర్ణీత సమయం ఇస్తే ఆ ఎక్కువ తగ్గుతుందా?

చాలా మంచి ప్రశ్న. కానీ రెండో సగం తీసేయమన్నాను. ఇక్కడే ఆ లెక్క వస్తుంది. పాత సమీక్షలోలాగే చెదురులో అయిదో వంతు తేడా ఉందనుకుందాం. పిల్లలను రెండు విడి గుంపులుగా చేసి ఒకరికి కాగితం, ఒకరికి తెర ఇస్తే, ఆ తేడాను అయిదింట నాలుగుసార్లు పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో సుమారు 400 మంది కావాలి. ఆమె అందుకోగలిగేది దాదాపు 200 మంది పిల్లలను. అంతమందితో విడి గుంపులు చేస్తే నిజంగా ఉన్న తేడా కూడా కనిపించకుండా పోయే అవకాశమే ఎక్కువ. అప్పుడు "తేడా లేదు" అని రాస్తుంది, అది తప్పు. అదే ప్రతి పిల్లవాడూ ఒక పాఠం కాగితం మీద, ఇంకో పాఠం తెర మీద చదివితే, పిల్లవాడిని తనతోనే పోల్చవచ్చు. ఒకే పిల్లవాడి రెండు ఫలితాల మధ్య పొంతన ఓ మోస్తరుగా ఉంటే దాదాపు 200 మందితో సరిపోతుంది. ఆమె ప్రశ్న ఆమె అందుబాటులోకి వచ్చింది.

రెండో సగం అడిగేది తేడాల మధ్య తేడా. సమయం బిగిస్తే తెర-కాగితం ఎడం మారుతుందా అని. విడి గుంపుల లెక్కలో, అంతే పరిమాణం ఉన్న తేడాను పట్టుకోవడానికి దీనికి నాలుగు రెట్ల మంది కావాలి. ఒక్క వాక్యం అదనంగా కలిపినందుకు నాలుగింతల పని. ఆ వాక్యం తీసేయడం ఆమెకు బాధ కలిగించింది, ఎందుకంటే పాత పరిశోధనల వైరుధ్యం తేలేది నేరుగా అక్కడే. అయినా మొదటి సగానికి గట్టి జవాబు వస్తే ఆ వైరుధ్యంలో ఒక పక్షం బలపడుతుంది. రెండు సగాలకూ మెత్తటి జవాబులు వస్తే ఏదీ కదలదు.

మిగిలినవి చిన్న సంగతులే, కానీ వాటిని వదిలేస్తే ప్రశ్న మళ్లీ మసకబారుతుంది. రెండు పాఠాలూ ఒకే కష్టంలో ఉండాలి. సగంమందికి మొదటి పాఠం కాగితం మీద, మిగతా సగానికి తెర మీద, క్రమం కూడా మార్చి ఇవ్వాలి. లేకపోతే పాఠాల మధ్య ఉన్న తేడా తెర ఖాతాలో పడుతుంది. "తెర" అంటే ఏ తెర? చిన్న ఫోన్‌లో వేలితో జరుపుతూ చదివించి, కాగితం మీద మొత్తం పేజీ ఇస్తే, పోల్చింది తెరనా, జరపడాన్నా, అక్షరం పరిమాణాన్నా తెలియదు. ఆమె టాబ్లెట్ ఎంచుకుని, కాగితం మీద ఎలా ఉందో అదే పేజీని అదే అక్షరంతో, జరపకుండా చూపించాలని నిర్ణయించుకుంది. దీనివల్ల ఒకటి పోయింది. ఆమెను మొదట ఆశ్చర్యపరిచింది పిల్లలు ఫోన్‌లో చదవడం. ఇప్పుడు ఆమె తేల్చబోయేది ఫోన్ గురించి కాదు. ప్రశ్న స్వచ్ఛంగా మారే కొద్దీ మొదలైన చోటు నుంచి కొంత దూరం జరుగుతుంది. ఎంత దూరం జరిగిందో థీసిస్‌లో రాయమన్నాను. ఫలితం ఫోన్లకు కూడా వర్తిస్తుందని చివరి అధ్యాయంలో మెల్లగా జారిపోకుండా ఉండటానికి.

ఇలా అంటే కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. ఇంత కత్తిరిస్తే మిగిలేది చిన్న ముక్క కదా, అంత చిన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు అని. న్యాయమైన అభ్యంతరమే. ప్రశ్న ఎంత చిన్నదైనా ఫరవాలేదు, అది ఏ పెద్ద ప్రశ్నకు తాళంచెవో పరిశోధకులకు తెలియాలి. దక్షిణ లండన్ ఇళ్ల లెక్క ఆ వీధులకే సంబంధించింది, కానీ అది మొత్తం చెడు గాలి వాదానికే ఎదురు నిలిచింది. పెద్ద ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే మాత్రం ఆ ముక్క నిజంగా ముక్కే. అందుకే ప్రశ్న కింద ఇంకో వాక్యం రాయమంటాను: దీని జవాబు తెలిస్తే ఇంకా ఏది అర్థమవుతుంది? ఆ వాక్యం "పాఠకులకు, విధానకర్తలకు ఉపయోగపడుతుంది" అని వస్తే వెనక్కి పంపిస్తాను.

పదునైన ప్రశ్నకు కూడా హద్దు ఉంటుందని ఒప్పుకోవాలి. స్నో ప్రశ్న నీటిలో ఏముందో చెప్పలేదు, చెప్పేలా అడగలేదు కూడా. కలరా మీద వేసిన అధికారిక వైజ్ఞానిక కమిటీ 1855లో ఆయన వాదాన్ని ఒప్పుకోలేదు. స్నో 1858లో చనిపోయారు. 1866లో మళ్లీ కలరా వచ్చినప్పుడు, ఎత్తు సిద్ధాంతం చెప్పిన అదే ఫార్ ఈసారి చావులను నీటి కంపెనీల వారీగా విడదీసి చూసి, తూర్పు లండన్ కంపెనీ నీటిని పట్టుకున్నారు. ప్రశ్న అడిగే తీరు ఆయన మార్చుకున్నారు. పాత లెక్కలకన్నా ఆ తీరే చేతులు మారిందని నాకనిపిస్తుంది.

ఇంకో రకం పరిశోధనలు ఉన్నాయి. చరిత్ర, సాహిత్యం, ఓ సమాజంలో ఉండి చూసి రాసేవి. వాటిలో గుంపులూ సగటులూ ఉండకపోవచ్చు. అక్కడ నా మొదటి ప్రశ్న కాస్త రూపు మారుతుంది. ఎలాంటి పత్రం దొరికితే, ఎలాంటి మాట వినిపిస్తే నీ వాదం నిలబడదు? ఒక ఉద్యమం ఎందుకు ఆగిపోయిందని అడిగే చరిత్రకారుడు "డబ్బు అయిపోవడం వల్ల" అంటే, ఆగిపోయిన నెలలో చందాల పుస్తకం నిండుగా ఉంటే వాదం పోతుంది. ఆ చందాల పుస్తకం వెతకదగిన చోట ఉందా లేదా అన్నదే అప్పుడు స్తోమత. పరిశీలన మొదలుకాకముందు ప్రశ్న పదునుగా ఉండని పనులు కూడా ఉంటాయి. కొత్త చోటికి వెళ్లి మొదటి నెలలు చూస్తూ ఉండటమే పని. నేను వాటిని తక్కువ చేయను. ఆ నెలల తర్వాత వచ్చిన ప్రశ్నను మొదటినుంచీ ఉన్నట్టు రాస్తేనే అభ్యంతరం.

ఆ చివరి సంగతే ఎక్కువ హాని చేస్తుంది. డేటా వచ్చాక, అందులో మెరిసినదాన్ని బట్టి ప్రశ్నను వెనక్కి వెళ్లి రాయడం. 1998లో నార్బర్ట్ కెర్ అనే మనస్తత్వవేత్త దీనికి ఓ పేరు కూడా పెట్టారు, ఫలితం తెలిశాక ఊహ చేయడం అని. ఇరవై కొలతలు తీసుకుంటే ఏ తేడా లేకపోయినా వాటిలో సగటున ఒకటి మామూలు అయిదు శాతం గీత దాటుతుంది. ఆ ఒక్కదాని చుట్టూ ప్రశ్న అల్లితే అది చక్కగా ఇరుకుగా, పదునుగా, నేను పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గినట్టుగా కనిపిస్తుంది. పూర్తయిన థీసిస్‌ను చూసి ఏది ముందు రాసిందో ఏది తర్వాత రాసిందో చెప్పడం దాదాపు అసాధ్యం. అందుకే ఆ అమ్మాయి చేత ప్రశ్న, కొలతలు, ఏ ఫలితాన్ని "కాదు" అని ఒప్పుకుంటుందో, పిల్లల సంఖ్య, అన్నీ ఒక పేజీలో రాయించి తేదీ వేయించి, డేటా సేకరించకముందే బహిరంగ నమోదులో పెట్టించాను. పైలట్‌గా కొద్దిమంది పిల్లలతో చేసి చూశాక కొన్ని మార్పులు వచ్చాయి. మొదటి పాఠం మరీ తేలికైంది, అందరికీ మార్కులు నిండుగా వచ్చాయి, ఇక ఎడం కొలవడానికి చోటే లేదు. పాఠం మార్చి, ఆ మార్పునూ కారణాన్నీ తేదీతో సహా అదే పేజీ కింద చేర్చింది. అసలు సేకరణ మొదలయ్యాక వచ్చే కొత్త ప్రశ్నలకు వేరే పేజీ తెరిచింది. వాటిలో మొదటిది తీసేసిన ఆ రెండో సగమే.